అరబీ అక్షరానికి నాలుగు రూపాలు లేవు

మొన్న హైదరాబాద్‌లో ఒక మండీ హోటల్ కొత్త బోర్డు చూశా. ఇంగ్లీషులో పేరు, కింద తెలుగులో పేరు, పైన పెద్ద బంగారు రంగు అక్షరాల్లో అరబీలో మండీ అని. అక్షరాలు సరైనవే, మీమ్, నూన్, దాల్, యా, నాలుగూ ఉన్నాయి. కాకపోతే నాలుగూ దేనికది విడిగా నిలబడి ఉన్నాయి, పైగా ఎడమ నుంచి కుడికి వరసగా. నాతో ఉన్న ఫ్రెండ్‌కి చెప్తే "అక్షరాలు కరెక్టే కదరా, కలపలేదు అంతే కదా, చదివేవాడు చదువుకుంటాడు" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అరబీ నేర్చుకోవాలని మొదలెట్టి మధ్యలో వదిలేసిన చాలామంది మనసులో ఉన్నది కూడా అదే, అక్షరం ఒకటి, కలపడం అనేది దానిమీద తర్వాత వేసే ఇంకో పని అని.

దీనికి నేను తప్పు పట్టేది అరబీ నేర్పే ప్రతి యాప్‌లో, ప్రతి పీడీఎఫ్‌లో మొదటి పేజీలో ఉండే ఆ టేబుల్‌ని. 28 అక్షరాలు, పక్కన నాలుగు కాలమ్‌లు: విడిగా, మొదట్లో, మధ్యలో, చివర్లో. ఆరు అక్షరాలకి రెండే రూపాలు కాబట్టి మొత్తం సరిగ్గా 100 గళ్ళు. కొత్తగా వచ్చినవాడు దాన్ని చూసి 100 బొమ్మలు బట్టీ పట్టాలేమో అనుకుంటాడు, పడతాడు కూడా, తీరా చేత్తో రాసిన ఒక చీటీ ఇస్తే ఒక్క ముక్క చదవలేడు. నేను చెప్పదల్చుకున్నది ఏంటంటే ఆ టేబుల్ ఒకే సమయంలో అవసరానికి మించి ఎక్కువ చెప్తుంది, అవసరమైనదానికంటే తక్కువ కూడా చెప్తుంది. అరబీ అక్షరానికి ఒక ఒళ్ళు ఉంటుంది, ఒక తోక ఉంటుంది. మిగతాదంతా పెన్ను ఎటునుంచి వచ్చింది, ఎటు వెళ్ళాలి అన్న దాన్నిబట్టి అదే వస్తుంది.

తోక ఉందా లేదా, అదొక్కటే ప్రశ్న

బా అక్షరాన్ని తీసుకుందాం. విడిగా రాస్తే ب, కుడివైపు చిన్న పన్ను, దాన్నుంచి ఎడమకి పళ్ళెంలా సాగి చివర కొంచెం పైకి లేచే గీత, కింద ఒక చుక్క. మాట మొదట్లో వస్తే بـ, పన్ను మాత్రం ఉంటుంది, పళ్ళెం ఉండదు, గీత నేరుగా తర్వాతి అక్షరానికి వెళ్ళిపోతుంది. మధ్యలో ـبـ, ఇదీ అదే పన్ను, కాకపోతే కుడివైపు నుంచి వస్తున్న గీత దాన్ని తాకుతుంది. చివర్లో ـب, గీత వచ్చి పన్నుగా లేచి మళ్ళీ పళ్ళెంలా సాగిపోతుంది. ఇప్పుడు నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. విడిగా ఉన్నదీ చివరిదీ ఒకటే, వచ్చే గీత ఉందా లేదా అన్నదే తేడా. మొదటిదీ మధ్యదీ ఒకటే, అక్కడ కూడా అంతే తేడా. అంటే నాలుగు కాదు, రెండే: తోక ఉన్నది, తోక లేనిది. వచ్చే గీత అక్షరంలో భాగం కాదు, అది ముందు అక్షరం వదిలిపెట్టిన గీత.

మిగతావాటిలో చాలావరకు ఇదే కథ. సీన్‌కి మూడు పళ్ళు, తర్వాత లోతైన గిన్నె, ముందుకు వెళ్ళాల్సి వస్తే గిన్నె పోయి మూడు పళ్ళే మిగుల్తాయి. జీమ్‌కి పైన ముక్కు, కింద పెద్ద పొట్ట, ముందుకు వెళ్ళాలంటే పొట్ట పోతుంది ముక్కు ఉంటుంది. నూన్, సాద్, ఖాఫ్, లామ్ అన్నీ ఇంతే. ఈ ఒక్క సంగతి ఎవరైనా మొదటి రోజే చెప్తే 100 గళ్ళలో ఎక్కువ భాగం బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రెండువైపులా కలిసే 22 అక్షరాల్లో ఏదైనా తోకతో కనిపించిందంటే ఆ మాట అక్కడ అయిపోయినట్టే. ఎందుకంటే తర్వాత ఇంకో అక్షరం ఉంటే అది తప్పకుండా దానితో కలిసేది, తోకకి చోటే ఉండేది కాదు. అంటే తోక అనేది మాట చివర గుర్తు కూడా. ఇది ఎందుకు అవసరమైందో తొలినాటి ఖురాన్ రాతప్రతులు చూస్తే అర్థమవుతుంది. వాటిల్లో మాటకీ మాటకీ మధ్య వదిలే ఖాళీ, ఒకే మాటలో కలవని ముక్కల మధ్య వదిలే ఖాళీ దాదాపు ఒకటే, లైన్ చివరికి వచ్చాక చోటు చాలకపోతే మాటని మధ్యలో విరిచి మిగతా ముక్క కింద లైన్లో రాసేసేవాళ్ళు. ఖాళీని నమ్మలేని చోట కన్ను తోకని పట్టుకుంటుంది.

మళ్ళీ ఆ బోర్డు దగ్గరికి వస్తే, నా ఫ్రెండ్ అన్నది ఎందుకు కుదరదో ఇప్పుడు చెప్పొచ్చు. మండీ అంటే مندي. మీమ్, నూన్, దాల్ కలిసి ఒక ముక్క, దాల్ ముందుకు కలవదు కాబట్టి యా విడిగా. బోర్డు మీద మీమ్ తన తోకతో ఉంది, నూన్ తన గిన్నెతో ఉంది. అరబీ చదివే కంటికి ఒక్కో తోక మాట అయిపోయిందని చెప్తుంది కాబట్టి అక్కడున్నది మండీ కాదు, తిరగేసి పెట్టిన ఒంటరి అక్షరాలు. చదివేవాడు కూడబలుక్కుని చదువుతాడేమో గానీ రాసినవాడికి ఆ లిపి రాదని మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

ఈ తోకలు ఎక్కడినుంచి వచ్చాయి

ఇవాళ్టి జోర్డాన్‌లోని పెట్రా రాజధానిగా పాలించిన నబాతీయులు అరామిక్ లిపిని వాడేవాళ్ళు. రాతి మీద చెక్కేటప్పుడు అక్షరాలు విడివిడిగా ఉండొచ్చు గానీ సిరాతో వేగంగా రాసేటప్పుడు చెయ్యి ప్రతిసారీ పైకి లేవదు, కిందికి దిగే గీత తర్వాతి అక్షరం వైపు, అంటే ఎడమకి, వంగుతుంది. మాట చివర్లో మాత్రం వెళ్ళడానికి ఇంకో అక్షరం లేదు, అందుకని అక్కడ గీత పాత పద్ధతిలోనే పూర్తిగా సాగింది. అంటే వరస తలకిందులు, మధ్యలో ఉన్నది అసలు అక్షరం, చివర్లో దానికి తోక తగిలించారు అనుకుంటాం గానీ నిజానికి చివర్లోది నిండు రూపం, మధ్యలోది తొందరలో కుదించిన రూపం. అదే అరామిక్ నుంచి వచ్చిన హీబ్రూలో కూడా ఐదు అక్షరాలకి మాట చివర వేరే రూపం ఉంది, వాటిలో నాలుగింటికి ఆ చివరి రూపంలో నిలువు గీత పొడుగ్గా కిందికి దిగుతుంది, మామూలు రూపంలో ఎడమకి వంగిపోతుంది. కారణం ఒకటే. హీబ్రూ అక్షరాలు కలవడం వరకు వెళ్ళలేదు, అరబీ వెళ్ళింది.

ఈ మార్పు దారిలో ఉండగా దొరికే రాళ్ళు కొన్ని ఉన్నాయి. సిరియాలో నమారా దగ్గర దొరికిన 328 నాటి శాసనం భాష అరబీ, అక్షరాలు మాత్రం ఇంకా నబాతీయులవే, ఇప్పుడు పారిస్ లూవ్ర్‌లో ఉంది. అదే సిరియాలో జబద్ అనే చోట గ్రీకు, సిరియాక్‌లతో పాటు అరబీ కూడా ఉన్న 512 నాటి రాయి చూస్తే అక్కడ అక్షరాలు చూడగానే అరబీ అని చెప్పేలా ఉంటాయి.

కలపడానికి కట్టాల్సిన వెల కూడా కట్టారు. అరామిక్‌లో అక్షరాలు 22, అరబీకి కావాల్సిన హల్లులు 28. దానికి తోడు వేగంగా కలిపి రాయడంలో వేర్వేరు అక్షరాల ఒళ్ళు అరిగి అరిగి ఒకేలా అయిపోయాయి. మాట మధ్యలో బా, తా, థా, నూన్, యా ఐదూ ఒకటే చిన్న పన్ను. వాటిని విడగొట్టేవి చుక్కలే: కింద ఒకటైతే బా, కింద రెండైతే యా, పైన ఒకటైతే నూన్, రెండైతే తా, మూడైతే థా. ఈ చుక్కలు చాలా తర్వాత పెట్టారని చాలామంది అనుకుంటారు, కానీ 643 నాటి, అంటే హిజ్రీ 22 నాటి ఒక పపైరస్ చీటీ ఈజిప్టులో దొరికింది, సైన్యం కోసం తీసుకున్న గొర్రెలకి ఇచ్చిన రసీదు, గ్రీకులోనూ అరబీలోనూ రాశారు, అందులో కొన్ని అక్షరాల మీద చుక్కలు ఉన్నాయి. కొన్నింటి మీదే, అన్నిటి మీదా కాదు. అవసరం అనిపించిన చోట పెట్టారు, లేనిచోట చదివేవాడి తెలివికి వదిలేశారు.

గమనించండి, మధ్యలో ఒకేలా అయిపోయిన ఈ ఐదూ చివర్లో ఒకేలా లేవు. బా, తా, థా పళ్ళెం, నూన్ గిన్నె, యా వెనక్కి తిరిగే పొట్ట. పాత తేడా తోకలో భద్రంగా ఉండిపోయింది.

ముందుకి చెయ్యి చాపని ఆరు అక్షరాలు

అలిఫ్, దాల్, ధాల్, రా, జాయ్, వావ్. ఇవి కుడివైపున్న అక్షరంతో కలుస్తాయి, ఎడమవైపున్నదానితో కలవవు. పుస్తకాల్లో ఇది బట్టీ పట్టాల్సిన లిస్టులా ఉంటుంది. నాకు దీని సంగతి సౌదీలోని దమ్మామ్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక ఈజిప్షియన్ స్టోర్ కీపర్ దగ్గర తెలిసింది. ఆయన వయసులో పెద్ద, డెలివరీ చలాన్లన్నీ చేత్తోనే రాసేవాడు, నేను పక్కన కూర్చుని వాటిని చదవడానికి తంటాలు పడేవాణ్ణి. ఒకరోజు ఈ ఆరూ ఎందుకు కలవవు అని అడిగితే ఆయన ఏం వివరించలేదు, చలాన్ వెనక్కి తిప్పి "సరే, నువ్వే కలిపి చూడు" అన్నాడు.

కలిపి చూశా. అలిఫ్ కింది కొస నుంచి ఎడమకి గీత లాగితే అది అలిఫ్‌గా ఉండదు, لـ అయిపోతుంది, లామ్. వావ్ తల నుంచి గీత ముందుకు లాగితే చుక్క లేని ఫా అయిపోతుంది. దాల్‌ని ముందుకు లాగినా, రా అక్షరాన్ని లైన్ పైకి తెచ్చి ముందుకు లాగినా ఇంకో పన్ను అయిపోతుంది, అసలే పన్నుల మీద ఐదు అక్షరాలు బతుకుతున్నాయి. ధాల్, జాయ్ అంటే దాల్, రాల మీద చుక్క పెట్టినవే. అంటే ఆరు అక్షరాలు అంటున్నాం గానీ నాలుగు ఆకారాలే, నాలుగూ కలిపితే వేరే అక్షరంలా మారిపోయేవే. ఆ రోజు తర్వాత ఆ లిస్టు నాకు మళ్ళీ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ నాకే ఒక అనుమానం ఉంది, దాచను. ఇది చరిత్రలో జరిగిన అసలు కారణమా అంటే అవునని గట్టిగా చెప్పలేం, నబాతీయుల అలిఫ్ మొదట్లో ఇప్పుడున్నట్టు నిలువు గీత కాదు, కాబట్టి లామ్‌తో పొరపాటు పడతారని అప్పుడే ఎవరో ఆలోచించి ఆపారని చెప్పడం కుదరదు. ఇంకో ఎదురు సాక్ష్యం కూడా ఉంది. ఇరాన్‌లో షికస్తా అని వేగంగా రాసే పద్ధతి ఒకటుంది, ఒట్టోమాన్ దర్బారులో దీవానీ ఉంది, వాటిల్లో ఈ కలవకూడని అక్షరాలని కూడా కలిపేస్తారు. అంటే చేతికి చేతకాక కాదు, చెయ్యి కలపగలదు. మరి అలా కలిపిన రాత చదవడం అలవాటు లేనివాళ్ళకి ఎంత కష్టమో షికస్తా ఉత్తరం ఒకటి చూస్తే చాలు. కాబట్టి నా మాట ఇంతవరకే: ఆ ఆరూ మొదట విడిగా ఎందుకు ఉండిపోయాయి అన్నది వేరే ప్రశ్న, ఇన్ని వందల ఏళ్ళు మామూలు రాతలో ఆ నియమం చెక్కుచెదరకపోవడానికి కారణం మాత్రం కన్నే, చెయ్యి కాదు.

హైదరాబాద్ అని రాద్దాం

నియమాలు ఊరికే చెప్పుకుంటే తలకెక్కవు, ఒక మాట రాద్దాం. అరబీలో హైదరాబాద్ అంటే حيدر آباد. ఎనిమిది అక్షరాలు: హా ح, యా, దాల్, రా, తర్వాత మద్దా, అంటే పైన అలలాంటి చిన్న గీత, ఉన్న అలిఫ్, బా, అలిఫ్, దాల్.

రాసే ముందే కలవని అక్షరాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి, ఎందుకంటే వాటి తర్వాతే పెన్ను లేస్తుంది. దాల్, రా, అలిఫ్, మళ్ళీ అలిఫ్, చివర దాల్. కాబట్టి మాట ఐదు ముక్కలు: حيد తర్వాత ر తర్వాత آ తర్వాత با తర్వాత د.

మొదటి ముక్కలో పెన్ను హా ముక్కు ఎడమ కొస దగ్గర పెట్టి కొంచెం కుడికి లాగి, అక్కడ మడిచి వెనక్కి ఎడమకి దింపుతూ లైన్ మీదికి వస్తాం. ఆగకుండా చిన్న పన్ను, అది యా, చుక్కలు ఇప్పుడు పెట్టం. అలాగే ముందుకు వెళ్ళి పైకి ఎక్కి మళ్ళీ దిగి లైన్ మీద ఎడమకి కాస్త సాగి ఆగితే దాల్. ఇక్కడ మొదటిసారి పెన్ను లేస్తుంది. రా లైన్ మీద మొదలై కిందికి ఎడమకి వంగుతుంది, దాని కొస తర్వాత వచ్చేదాని కిందికి కొంచెం దూరినా తప్పు లేదు, మంచి రాతలో అలాగే ఉంటుంది. తర్వాత అలిఫ్, పైనుంచి కిందికి. తర్వాత బా పన్ను, దాన్నుంచి లైన్ మీద చిన్న గీత, అక్కడి నుంచి రెండో అలిఫ్, ఈసారి కిందినుంచి పైకి. అచ్చులో ఈ రెండు అలిఫ్‌లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, చేతికి మాత్రం ఒకటి దిగడం, ఒకటి ఎక్కడం. విడి అలిఫ్‌ని కూడా కిందినుంచి పైకి గీసే అలవాటు పడినవాళ్ళ రాత ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది, కారణం ఇదే. చివరగా విడి దాల్. అంతా అయ్యాక కుడికి తిరిగి వచ్చి యా కింద రెండు చుక్కలు, అలిఫ్ మీద మద్దా, బా కింద ఒక చుక్క.

చుక్కలు చివర పెట్టడం ఇష్టాయిష్టాల సంగతి కాదు. అక్షరం అక్షరానికీ ఆగి చుక్క పెడితే పెన్ను లేస్తుంది, లేచిన చోట గీత అతుకు పడుతుంది, వేగం చచ్చిపోతుంది. మాట మొదట్లో కాఫ్ వస్తే దాని పైన ఏటవాలు గీత, తా ط నిలువు గీత కూడా ఇలాగే తర్వాత వేసేవాళ్ళే ఎక్కువ.

ఇక ఖాళీలు. ఐదు ముక్కల మధ్య నాలుగు ఖాళీలు ఉన్నాయి, అందులో రా తర్వాత వచ్చేది ఒక్కటే రెండు మాటల మధ్య ఖాళీ, మిగతా మూడూ మాట లోపలివి. లోపలి ఖాళీలు ఇరుకుగా ఉండాలి, బయటిది వెడల్పుగా. కొత్తవాళ్ళ రాతలో అన్నిటికంటే ముందు కనిపించే లోపం ఇదే, కలవని అక్షరం రాగానే మాట అయిపోయినట్టు పెద్ద ఖాళీ వదిలేస్తారు, వజీరు అనే మాట وزير రాస్తే మూడు మాటల్లా కనిపిస్తుంది. ఈ మాటలో తోకలు మనకి సాయం చెయ్యవు, ఒక్క చివరి రా తప్ప మాట అయిపోయిందని చెప్పే గుర్తే లేదు, ఆ రా కూడా ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది. అందుకే అక్కడ ఖాళీయే దిక్కు. ఉర్దూలో హైదరాబాద్‌ని ఒకే మాటగా రాస్తారు కాబట్టి పాతబస్తీ బోర్డుల మీద ఆ నాలుగు ఖాళీలూ లోపలివే.

టేబుల్ చెప్పనివి

ఇప్పుడు ఎవరైనా నేర్చుకున్న ఖత్తాతు, అంటే అందంగా రాయడమే వృత్తిగా ఉన్నాయన, నన్ను ఆపి అడగొచ్చు, నాలుగు కాదు రెండే అంటున్నావు, మా చేతిలో ఒక్క బాకే ఎన్ని రూపాలున్నాయో నీకు తెలుసా అని. నిజమే, ఇది నా వాదానికి గట్టి ఎదురు ప్రశ్న. పన్ను తర్వాత ఏం వస్తుందన్నదాన్ని బట్టి పన్ను మారుతుంది. తర్వాత జీమ్ గానీ హా ح గానీ వస్తే గీత లైన్ మీద పక్కనుంచి వెళ్ళి గుద్దుకోదు, పైనుంచి దిగి దాని ముక్కు మీద వాలుతుంది. ముహమ్మద్ محمد అన్న పేరు ఫోన్‌లో చూస్తే నాలుగు అక్షరాలూ ఒకే గీత మీద తాడుకి కట్టినట్టు ఉంటాయి, పుస్తకాల్లో కనిపించే నస్ఖ్ పద్ధతిలో మంచి చేతిరాత చూస్తే మొదటి మీమ్ పైన ఉండి హా దాని కిందికి దిగి, అక్కడి నుంచి రెండో మీమ్, దాల్ లైన్‌కి చేరతాయి. ఫాంట్ చూసి రాత నేర్చుకున్నవాళ్ళు అన్నిటినీ రైలు పట్టా మీద నడిపిస్తారు.

పన్ను ఎత్తు కూడా మారుతుంది. تثبت అనే మాట తీసుకోండి, తా, థా, బా, తా. చుక్కలు తీసేసి చూస్తే వరసగా మూడు పళ్ళు, తర్వాత పళ్ళెం. ఇప్పుడు ست, అంటే సీన్, తా. సీన్‌కి మూడు పళ్ళు, తర్వాత పళ్ళెం. చుక్కల్ని పక్కన పెడితే రెండూ ఒకటే అస్థిపంజరం. రాసేవాళ్ళు దీన్ని ఎప్పుడో గమనించారు, అందుకే సీన్ పళ్ళు మూడూ చిన్నగా సమానంగా రాస్తారు, వేర్వేరు అక్షరాల పళ్ళు వరసగా పడితే వాటిలో ఒకదాన్ని కావాలని పైకి లేపుతారు. ఏ టేబుల్‌లోనూ లేపిన పన్నుకి గడి ఉండదు.

మరి నా మాట నిలబడుతుందా? నిలబడుతుందనే అనుకుంటున్నా. ఎన్ని రకాలుగా వంగినా అది పన్నే, ఒళ్ళు మారలేదు, పొరుగు మారింది. నాలుగు కాలమ్‌ల టేబుల్ తప్పు ఎక్కడుందంటే అది స్థానాన్ని మాత్రమే చూసి పొరుగుని వదిలేసింది. స్థానం బట్టి రెండే రూపాలు, పొరుగు బట్టి లెక్కలేనన్ని సర్దుబాట్లు.

నిజంగా లొంగనివి కూడా రెండు ఉన్నాయి, ఒప్పుకోవాల్సిందే. ఐన్ ع విడిగా, మొదట్లో నోరు తెరుచుకుని ఉంటుంది, గీత కుడినుంచి వచ్చిందంటే నోరు మూసుకుని ముడి అయిపోతుంది. దీనికైనా పెన్ను కారణం చూపించొచ్చు, లైన్ మీద నుంచి వచ్చిన పెన్ను ఐన్ మొదలయ్యే చోటికి ఎక్కి వెనక్కి తిరగాలంటే తను వచ్చిన దారినే దాటాలి, దాటితే ముడి పడుతుంది. హా ه మాత్రం నాలుగు చోట్లా నాలుగు రకాలు, దానికి టేబుల్ కావాలి, నేను కాదనను. విడిగా రాసిన హా అరబీ అంకె 5 లాగే ఉంటుంది, అందుకే హిజ్రీ సంవత్సరం పక్కన పెట్టే పొట్టి గుర్తుని పక్కన ఏ అక్షరం లేకపోయినా هـ అని మొదటి రూపంలోనే రాస్తారు.

టేబుల్ ఎందుకు పుట్టింది, ఎవరికి పనికొస్తుంది

ఈ నాలుగు గళ్ళు చేతిరాతలోంచి వచ్చిన ఆలోచన కాదు, అచ్చు అక్షరాల పెట్టెలోంచి వచ్చింది. ముక్కలుగా పోత పోసిన సీసాన్ని పేర్చాలంటే ఒక్కో అక్షరానికి ఇన్ని ముక్కలు అని లెక్క తేల్చాలి. మంచి ప్రెస్‌లు పొరుగుని బట్టి వందల ముక్కలు పోత పోయించుకునేవి, తక్కువలో కానిద్దాం అనుకున్నవాళ్ళు నాలుగు దగ్గర ఆగారు. టైప్‌రైటర్ వచ్చాక చాలా మెషీన్లలో ఎక్కువ అక్షరాలకి రెండే రూపాలు, తోక ఉన్నదీ లేనిదీ, ఐన్ లాంటి వాటికే ఎక్కువ. చదివేవాళ్ళు హాయిగా చదువుకున్నారు. నా వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

అసలు అంతా ఒకే రూపం చేసేస్తే పోయేది కదా అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కైరోలోని అరబీ భాషా అకాడమీ లిపిని సులువు చెయ్యడానికి పోటీ పెడితే 200 పైన ప్రతిపాదనలు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. నస్రీ ఖత్తార్ అనే లెబనాన్ ఆర్కిటెక్ట్ అక్షరానికి ఒకే రూపం ఉండి విడివిడిగా నిలబడే అచ్చు అక్షరాలు తయారు చేశాడు, అదీ వాడకంలోకి రాలేదు. మార్పు ఇష్టం లేక అనేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ విడివిడిగా ఉన్న అరబీలో మాట ఆకారం పోతుంది, అరబీ చదివేవాడు అక్షరాన్ని కాదు ముక్కని చూసి చదువుతాడు.

కంప్యూటర్ దగ్గర మాత్రం సంగతి సరిగ్గా తేల్చారు. యూనికోడ్‌లో బాకి ఒకటే నంబర్, U+0628. మొదట, మధ్య, చివర అన్నది ఫాంటు, సాఫ్ట్‌వేర్ కలిసి చూసుకుంటాయి. నాలుగు రూపాలకి U+FE8F నుంచి U+FE92 దాకా విడి నంబర్లు ఉన్నాయి గానీ అవి పాత సిస్టమ్‌ల కోసం ఉంచినవి, కొత్తగా టైప్ చేసేటప్పుడు వాడకూడదు. కలపొద్దు అని చెప్పడానికి వాడే U+200C మనకీ పరిచయమే, తెలుగులో సాఫ్ట్‌వేర్ అన్న మాటలో టకారం కింద వకారం ఒత్తుగా పడిపోకుండా ఆపేది అదే. బోర్డులు, బ్యానర్లు పాడయ్యేది డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఈ కలిపే పని రానప్పుడు, పేస్ట్ చేసిన మాట విడిపోయి తిరగబడి పడుతుంది. అరబీ రానివాళ్ళు కూడా పట్టుకోవచ్చు: మాటలో ఒక్క గీత కూడా పక్క అక్షరాన్ని తాకకపోతే అనుమానించాలి, కలవని ఆ ఆరు అక్షరాలతోనే తయారైన మాటలు ఉన్నాయి గానీ తక్కువ.

టేబుల్‌ని సమర్థించేవాళ్ళు అనేది కూడా నాకు తెలుసు. ఖురాన్ చదవడానికో, దుబాయ్‌లో బోర్డులు చదవడానికో నేర్చుకునేవాడికి పెన్ను గోల ఎందుకు, గుర్తుపడితే చాలు కదా అని. అచ్చు వరకే అయితే చాలు. కానీ ఈజిప్టులో, సిరియా, లెబనాన్ లాంటి షామ్ దేశాల్లో మామూలు జనం చేత్తో రాసేది రుఖా పద్ధతిలో, అందులో రెండు చుక్కలు చిన్న అడ్డగీత అవుతాయి, మూడు చుక్కలు టోపీ గుర్తు అవుతాయి, సీన్ పళ్ళు మూడూ చదునైపోయి ఒక గీత మిగులుతుంది. నా స్టోర్ కీపర్ చలాన్లు అవే. టేబుల్‌లో చూసిన ఏ బొమ్మా వాటిలో ఉండదు. పెన్ను ఎటు కదిలిందో తెలిసినవాడు ఆ పొడుగు గీత ఒకప్పుడు మూడు పళ్ళని ఊహించగలడు, బొమ్మ గుర్తుపెట్టుకున్నవాడికి అది ఊరికే గీత.

నా దగ్గరికి ఎవరైనా వచ్చి నేర్పమంటే నేను వెళ్ళే వరస ఇది. మొదట పన్ను ఒక్కటే, చుక్కలు మార్చుకుంటూ, దానితో అలిఫ్: باب, بنت, بيت, نبات. ఈ నాలుగు మాటల్లో తోక ఎప్పుడు వస్తుందో, అలిఫ్ తర్వాత పెన్ను ఎందుకు లేస్తుందో చేతికే తెలిసిపోతుంది. తర్వాత దాల్, రా, వావ్, వాటితో دار, وزير, లోపలి ఖాళీ ఇరుకుగా ఉంచడం అప్పుడే అలవాటు కావాలి. తర్వాత సీన్, జీమ్, మీమ్. ఐన్‌ని వాటి తర్వాత. హా ه అన్నిటికంటే చివర, దానికి మాత్రం నాలుగు గళ్ళూ గీసి ఇస్తాను.